గ్యాస్ రాయితీ ఏ ఖాతాలో పడింది?

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద గ్యాస్ బండ 500 రూపాయలకే అంటారు. అయితే బండ ఇంటికి వచ్చినప్పుడు పూర్తి ధర చెల్లించాల్సిందే. 500 పోగా మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. చాలా ఇళ్లలో గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. డబ్బు పడలేదని ఏజెన్సీకి వెళితే బ్యాంకులో అడగమంటారు, బ్యాంకుకు వెళితే ఏజెన్సీలో అడగమంటారు. ఆ డబ్బు ఏ దారిన వస్తుందో తెలిస్తే ఎవరిని ఏమి అడగాలో మనకే తెలుస్తుంది.

ఈ దారిలో రెండు ముడులు ఉన్నాయి. మొదటిది గ్యాస్ ఏజెన్సీ దగ్గర పడుతుంది. అక్కడ మీ కన్స్యూమర్ నంబరుకు మీ ఆధార్ జతవుతుంది. రెండోది బ్యాంకులో పడుతుంది. అక్కడ ఆధార్‌కు ఒక ఖాతా జతవుతుంది. బండ అందినట్టు ఏజెన్సీ నమోదు చేశాక, రాయితీ ఎవరికి చెందాలో కన్స్యూమర్ నంబరు చెబుతుంది. ఆ నంబరు నుంచి ఆధార్‌కు, ఆధార్ నుంచి బ్యాంకుకు డబ్బు చేరుతుంది.

ఆధార్‌కు ఏ బ్యాంకు జతయిందో చూపే పట్టిక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. అందులో ఒక ఆధార్‌కు ఎదురుగా ఒకే బ్యాంకు ఉంటుంది. ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలున్నా, చివరగా ఎక్కడ జత చేయించారో ఆ బ్యాంకు పేరే అక్కడ నిలుస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కోసం ఆధార్ కాపీ ఇచ్చినంత మాత్రాన ఈ పట్టికలోకి ఎక్కినట్టు కాదు. ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాకే రావాలని విడిగా అంగీకారం తెలపాలి.

వరంగల్ జిల్లాలో ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. ఆమెది ఉజ్వల కనెక్షన్, మహాలక్ష్మికి కూడా అర్హురాలు. బండ ధర 905 రూపాయలు అనుకుంటే ఆమెకు తిరిగి రావలసింది 405. ఇందులో ఉజ్వల కింద కేంద్రం ఇచ్చేది 300, రాష్ట్రం ఇచ్చేది 105. రెండూ విడివిడిగా పడతాయి కాబట్టి పాస్‌బుక్‌లో 405 అని ఒకే అంకె కోసం వెతికితే కనిపించదు. ఒక మొత్తం పడి రెండోది పడకపోతే ఆమె రెండు ముడులూ సరిగానే ఉన్నట్టు. అప్పుడు ఆగిన పథకం గురించే అడగాలి.

వారం దాటినా రెండూ పడలేదనుకుందాం. ఆమె మొదట mylpg.in తెరిచి, తన గ్యాస్ కంపెనీని ఎంచుకుని, బండల చరిత్ర చూడాలి. ఏ తేదీన బండ ఇచ్చారో, రాయితీ ఎంత పంపారో అక్కడ ఉంటుంది. ఫోన్లో చూడటం రాకపోతే కన్స్యూమర్ నంబరు చెప్పి ఏజెన్సీలోనే అడగవచ్చు. రాయితీ పంపినట్టే లేకపోతే లోపం మొదటి ముడిలోనో అర్హతలోనో ఉంది. ఆధార్ జతకాకపోవడం, ఈకేవైసీ పెండింగులో ఉండటం దీనికి కారణాలు కావచ్చు. మహాలక్ష్మిలో ఇంకో పరిమితి ఉంది. గత మూడేళ్లలో ఆ ఇల్లు సగటున ఏడాదికి ఎన్ని బండలు వాడిందో అన్నింటికే రాయితీ వస్తుంది. ఆ లెక్క దాటాక తీసుకున్న బండకు డబ్బు పడదు.

పంపినట్టు ఉండి కూడా పాస్‌బుక్‌లో లేకపోతే రెండో ముడి చూడాలి. myaadhaar.uidai.gov.in లో ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి Bank Seeding Status నొక్కితే బ్యాంకు పేరు, జతచేసిన తేదీ కనిపిస్తాయి. మన ఇల్లాలికి అక్కడ తన పాత బ్యాంకు బదులు మరో బ్యాంకు పేరు కనిపించింది. ఆరు నెలల క్రితం పొదుపు సంఘం రుణం కోసం తెరిచిన ఖాతా అది. అప్పుడు సంతకం చేసిన కాగితాల్లో ఈ అంగీకారం కూడా ఉంది. రాయితీ పోలేదు. ఆమె తెరిచి చూడని ఖాతాలో పడుతూ ఉంది.

పాత ఖాతాకే రావాలనుకుంటే ఆమె ఆ బ్యాంకు శాఖకు వెళ్లి, ప్రభుత్వ నగదు బదిలీ కోసం ఆధార్ జత చేయమని రాసి ఇవ్వాలి. పట్టికలో పేరు మారాక వచ్చే రాయితీలు అక్కడ పడతాయి. ఇప్పటికే పడినవి మాత్రం కొత్త ఖాతాలోనే ఉంటాయి, అక్కడి నుంచే తీసుకోవాలి.

కనెక్షన్ ఎవరి పేరున ఉందన్నది కూడా చూడాలి. కన్స్యూమర్ నంబరు అత్తగారి పేరున ఉంటే, డబ్బు కట్టింది కోడలైనా రాయితీ అత్తగారి ఆధార్ వెంటే వెళుతుంది. ఆమె కాలం చేసి ఉంటే ఖాతాల్లో వెతకడం కన్నా ముందు మరణ ధ్రువపత్రంతో ఏజెన్సీలో కనెక్షన్ పేరు మార్పించుకోవాలి. ఏజెన్సీ స్పందించకపోతే 1800-2333-555 కు ఫోన్ చేయవచ్చు, దానికి ఖర్చు లేదు. ఫోన్ చేసేటప్పుడు కన్స్యూమర్ నంబరు, బండ అందిన తేదీ, పట్టికలో కనిపించిన బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి. ఆ మూడూ చెబితే ఏ ముడి దగ్గర ఆగిందో అవతలివారు వెంటనే చూడగలరు.