వెనకింటి టీవీకి ఏ వైఫై పెట్టాలి?

మన షోలాపూర్ ఇళ్లలో వైఫై డబ్బా ముందు గదిలో ఉంటే టీవీ వెనకింట్లో ఉంటుంది. టీవీలో వైఫై వెతికితే చాలాసార్లు రెండు పేర్లు వస్తాయి. చివర 5G అని ఉన్నది 5 గిగాహెర్ట్జ్‌ది, ఇంకోటి 2.4ది. ఈ 5Gకి సిమ్‌లో వచ్చే 5జీకి సంబంధం లేదండి. ఆ పేరు మీ టీవీలో రాకుంటే, టీవీకి 2.4 ఒక్కటే అందుతుందేమో చూడండి.

5కి వేగం ఎక్కువే, కానీ గోడ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 నెమ్మదైనా గోడలు దాటి దూరం పోతుంది.

మా చెల్లెలింట్లో నడుమ రెండు ఇటుక గోడలు. 5 పెట్టుకున్నారు, సినిమా నడుమ చక్రం తిరగడమే. టీవీ పక్కనే నిలబడి సెల్లులో స్పీడ్ టెస్ట్ చేశాం. 5 మీద ఒకసారి 9 ఎంబీపీఎస్, ఇంకోసారి 2. 2.4 మీద మాత్రం ఎన్నిసార్లు చూసినా 18కి అటూఇటూ. ఫుల్ హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ చాలు, 4కేకి 15 దాకా కావాలి. అందుకని 2.4కే మార్చాం.

అయితే పొద్దున బాగా ఆడి, రాత్రి 8 గంటలకి ఆగుతుంటే ఇరుగుపొరుగు డబ్బాల రద్దీ అనుకోవాలి. వాడలో అందరివీ 2.4 మీదే నడుస్తుంటాయి కదా. డబ్బా సెట్టింగుల్లో చానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్పించండి, కనెక్షన్ ఇచ్చిన పిల్లగాడు చేస్తాడు. అప్పటికీ కుదరకపోతే డబ్బాను నడిమింట్లోకి జరిపించి 5 పెట్టి చూడండి. ఒక్క గోడే అడ్డమైతే అదే మేలు కావచ్చు.