రాగి తీగ లెక్కలో అర మార్కు ఎక్కడ పోతుంది

పరీక్షల నెల వచ్చిందంటే రాత్రి తొమ్మిది దాటాక నా ఫోనుకు ఫొటోలు మొదలవుతాయి. పేజీ మీద ట్యూబ్‌లైటు మెరుపు, మూలన ఎవరిదో బొటనవేలు, మధ్యలో ఒక లెక్క. కింద ఒకే మాట: "సార్, ఇది ఎలా రాయాలి?"

మొన్న ఒక పదో తరగతి అమ్మాయి పంపింది రాగి తీగ లెక్క. తీగ వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, రాగి విశిష్ట నిరోధం 1.6 × 10⁻⁸ Ω m. 10 ఓమ్‌ల నిరోధం రావాలంటే ఎంత పొడవు తీగ కావాలి? అంతే పొడవుంచి వ్యాసం రెట్టింపు చేస్తే నిరోధం ఎంతవుతుంది?

ఇలా చక్కగా నేను రాశాను గానీ, ఫొటోలో కనిపించింది 10 నెత్తిన ఒక మసక 8 మాత్రమే. మైనస్ గుర్తు కాగితం మడతలో కలిసిపోయింది. అయితే లోహాల విశిష్ట నిరోధం ఓమ్-మీటర్లలో 10⁻⁸ దగ్గర తిరుగుతుందని తెలిసినవాళ్లకు అక్కడ మైనస్ ఉండి తీరాలని తెలిసిపోతుంది. 10⁸ అనుకుని చేస్తే తీగ పొడవు పరమాణువు కన్నా చిన్నదిగా వస్తుంది! దశాంశ బిందువుదీ ఇదే కథ. ఫొటోలో అది 05 లాగా ఉంది. 5 ముందు ఊరికే సున్నా ఎవరూ పెట్టరు కాబట్టి మధ్యలో చుక్క ఉందన్నమాట. అయినా అనుమానం మిగిలితే ఇంకో ఫొటో అడుగుతాను.

ఇక జవాబు. మొదట దత్తాంశాలు రాయాలి, రాసేటప్పుడే అన్నిటినీ మీటర్లలోకి మార్చేయాలి. ఈ లెక్కలో అసలు ఉచ్చు ఇక్కడే ఉంది. ఇచ్చింది వ్యాసం, వైశాల్యానికి కావాల్సింది వ్యాసార్ధం.

d = 0.5 mm, r = 0.25 mm = 2.5 × 10⁻⁴ m
ρ = 1.6 × 10⁻⁸ Ω m, R = 10 Ω, L = ?

తర్వాత సూత్రం. దాన్ని పుస్తకంలో ఉన్న రూపంలోనే ముందు రాసి, ఆ తర్వాత L కోసం మార్చుకోవాలి. నేరుగా రెండోది రాసేసి అందులో పైదీ కిందదీ తారుమారైతే, సూత్రం తెలుసనడానికి పేపరు మీద ఆధారమే ఉండదు.

R = ρL/A, కాబట్టి L = RA/ρ
A = πr² = 3.14 × (2.5 × 10⁻⁴)² = 1.9625 × 10⁻⁷ m²
L = (10 Ω × 1.9625 × 10⁻⁷ m²) / (1.6 × 10⁻⁸ Ω m)
L = 122.7 m (సుమారు)

మూడో వరుసలో అంకెల పక్కన ప్రమాణాలు కూడా ప్రతిక్షేపించాం. పైన ఓమ్, కింద ఓమ్ కొట్టుకుపోయాయి. మీటరు వర్గంలోంచి ఒక మీటరు పోయి మీటరు మిగిలింది. పొడవుకు మీటరే రావాలి, వచ్చింది. అలా రాలేదంటే సూత్రం తిప్పడంలో ఎక్కడో పొరపాటు జరిగినట్టే. మిల్లీమీటర్లను మార్చకుండా వదిలేసినవాళ్లకు జవాబు లక్షా ఇరవై రెండు వేల కిలోమీటర్లు వస్తుంది, అంటే భూమి చుట్టూ మూడు చుట్లు తిప్పే తీగ. వ్యాసార్ధం బదులు వ్యాసం వేస్తే వచ్చేది 490 మీటర్లు. ఇది మరీ విడ్డూరంగా కనిపించదు కాబట్టే ఎక్కువ ప్రమాదకరం.

π కు 22/7 వాడితే 122.8 వస్తుంది. ఏది వాడారో పేపరు మీద కనిపిస్తే దిద్దేవారికి ఆ తేడా ఎందుకో అర్థమవుతుంది.

రెండో ప్రశ్నకు ఇంత లెక్క అక్కర్లేదు. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది. R, A కి విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే ఈ కారణాన్ని ఒక్క వరుసలోనైనా రాయాలి, జవాబొక్కటే రాస్తే చాలదు.

మార్కులు ఏ మెట్టుకు ఎంతన్నది బోర్డును బట్టి, ప్రశ్న విలువను బట్టి మారుతుంది. సాధారణంగా సూత్రానికి కొంత, ప్రతిక్షేపణకు కొంత, ప్రమాణంతో సహా జవాబుకు కొంత ఉంటుంది. గుణకారం చివర్లో తప్పినా ముందు మెట్ల మార్కులు దక్కే వీలుంది. వట్టి 122.7 రాసి ఊరుకుంటే అది సరైన అంకే అయినా మిగతావాటికి మార్కు వేయడానికి చోటుండదు.

అరగంట తర్వాత ఆ అమ్మాయి తన జవాబు ఫొటో పంపింది. దత్తాంశాలు, సూత్రం, ప్రతిక్షేపణ, 122.7 పక్కన మీటరు అన్నీ ఉన్నాయి. రెండో భాగం చివర మాత్రం 2.5 అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"2.5 ఏంటమ్మా?" అని అడిగాను.

"అయ్యో... ఓమ్‌లు సార్."