తెనాలి జనాభా: చక్రవడ్డీ లెక్క చెప్పేదీ, చెప్పనిదీ

ఏ మునిసిపాలిటీ నీళ్ళ పథకం చూసినా మొదటి పేజీల్లోనే ఒక అంకె కనబడుతుంది: ఫలానా సంవత్సరానికి పట్టణ జనాభా ఇంత. ట్యాంకు ఎంత పెద్దది కట్టాలి, పైపు ఎంత లావుండాలి, పైపు చివర ఉండే మన వాడకి నీళ్ళు అందుతాయా లేదా అన్నవన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి. కాబట్టి అది ఎట్లా పుట్టిందో మనమే కాగితం మీద వేసుకుని చూడగలగాలి. తెనాలినే తీసుకుందాం.

జనాభా లెక్కల ప్రకారం తెనాలిలో 1981లో 1,19,257 మంది, 1991లో 1,43,726 మంది ఉన్నారు. పదేళ్ళలో 20.5 శాతం పెరుగుదల. మరి ఏటికి ఎంత? పదితో భాగించి 2.05 శాతం అని చాలామంది రాసేస్తారు. అది తప్పు. జనం పెరగడం బారువడ్డీ కాదు, చక్రవడ్డీ. మొదటి ఏడు పెరిగినవాళ్ళు రెండో ఏడు అసలులో కలిసిపోతారు. 1981 నుంచి 2.05 శాతంతో పదేళ్ళు చక్రవడ్డీ వేస్తే 1,46,000 దాటుతుంది. అసలు అంకె కన్నా రెండువేల పైచిలుకు ఎక్కువ.

సరైన పద్ధతి ఇది. 1991 అంకెను 1981 అంకెతో భాగిస్తే 1.205 వస్తుంది. దానికి పదో మూలం తీయాలి. కాలిక్యులేటర్ మీద 1.205^(1/10). జవాబు 1.0188. అంటే ఏటా 1.88 శాతం.

ఇప్పుడు మనం 1991లో కూర్చుని 2011 నాటి జనాభాను అంచనా వేస్తున్నామనుకుందాం. ఇరవయ్యేళ్ళు కాబట్టి 1.0188ని దానితో అదే ఇరవైసార్లు హెచ్చించాలి:

1,43,726 × (1.0188)^20 = సుమారు 2,08,600

లెక్కలో పొరపాటు లేదు. కానీ 2011లో తెనాలిలో నిజంగా లెక్కకొచ్చింది 1,64,937 మంది. దాదాపు 43,700 మంది ఎక్కువ వేశాం. తప్పు ఎక్కడుంది? గుణకారంలో కాదు, 1.88 ఇరవయ్యేళ్ళూ కదలకుండా ఉంటుందనుకోవడంలో.

ఇది 2001లోనే బయటపడింది. మన లెక్క ప్రకారం ఆ ఏడు 1,73,000 పైన ఉండాలి. వచ్చింది 1,53,756. అంటే ఏటా 0.68 శాతమే. ఆ తర్వాత పదేళ్ళూ 0.70 శాతమే. కారణం కొంత రాష్ట్రమంతటిదీ: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1981-91 మధ్య 24.2 శాతం ఉన్న పెరుగుదల, కాన్పులు తగ్గడంతో 1991-2001 మధ్య 14.6 శాతానికి పడిపోయింది. అయితే తెనాలి అంతకన్నా కిందికి, 7 శాతానికి దిగింది. పట్టణం పెరుగుదల రాష్ట్రం కన్నా ఇంత తక్కువగా ఉంటే రెండు సంగతులు అడగాలి. వచ్చేవాళ్ళ కన్నా వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారా? లేక కొత్త ఇళ్ళు మునిసిపల్ హద్దు బయట లేస్తున్నాయా? హద్దు బయట ఉన్న వాడ పట్టణంలో కూలి చేస్తుంది, పట్టణం లెక్కలో మాత్రం ఉండదు. చక్రవడ్డీ లెక్కకి ఈ రెండూ తెలీవు.

ఇప్పుడు ఈ తేడా ఖరీదు చూద్దాం. 2011 నుంచి 2026కి 0.70 శాతంతో లెక్కిస్తే తెనాలి సుమారు 1,83,000. పాత 1.88 శాతాన్నే పట్టుకుంటే 2,18,000. మధ్యలో 35,000 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లనే పట్టణ ప్రమాణం వేస్తే రోజుకి 47 లక్షల లీటర్లు. ఎక్కువ అంచనా వేస్తే డబ్బంతా పెద్ద ట్యాంకులకి పోయి, వాడకి వేయాల్సిన పైపుకి మిగలదు. తక్కువ వేస్తే పంపు వదిలినప్పుడు చివరి ఇళ్ళకి గాలే వస్తుంది. ఎటు తప్పినా దెబ్బ చివరి వాడకే.

ఇంకో సంగతి. వార్డుల్లో ఎస్సీ రిజర్వేషన్‌కి ఈ అంచనాలు పనికిరావు. రాజ్యాంగం 243టీ అధికరణం ప్రకారం దామాషాకి ఆధారం చివరిగా ప్రచురించిన జనాభా లెక్కలే. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడడంతో 2011 నాటి అంకెలే ఏళ్ళ తరబడి నడిచాయి. పట్టణమంతటి రేటునే ఎస్సీ జనాభాకీ వేసి ముందుకి లాగడం కూడా కుదరదు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళలో, పట్టణం విడిచిపోయేవాళ్ళలో మనవాళ్ళ వాటా పట్టణంలో మన వాటాతో సమానమని ఎవరూ తేల్చలేదు.

కాబట్టి ఎవరైనా ఒకే ఒక్క అంకె చూపించి ఇదే భవిష్యత్తంటే మూడు ప్రశ్నలు వేద్దాం: ఈ రేటు ఏ పదేళ్ళది? ఆ తర్వాతి లెక్కలతో సరిచూశారా? హద్దు ఎక్కడ గీశారు? రెండు రేట్లతో రెండు అంకెలు వేయించి, మధ్యలో ఉన్న మనుషులకి నీళ్ళు ఎట్లా ఇస్తారో చెప్పమందాం.