కోత ఎక్కడ పడింది?

మెడిక్లెయిమ్ సెటిల్మెంట్ లెటరులో ఉద్యోగి కళ్లు మొదట వెతికేది ఖాతాలో ఎంత పడుతుందన్నదే. ఆ అంకె కనబడగానే చదవడం ఆగిపోతుంది. అసలు సంగతి దాని కిందున్న కోతల పట్టికలో ఉంటుంది. దాన్ని విప్పి చెప్పడమే హెచ్‌ఆర్ వాళ్లు రాసిచ్చే సారాంశం చేయాల్సిన పని.

గుంటూరులో ఒక ఉద్యోగి ఆపరేషన్ చేయించుకుని, కంపెనీ గ్రూప్ పాలసీ మీద 1,16,000 రూపాయల బిల్లు పెట్టాడనుకుందాం. పాలసీ ప్రకారం గది అద్దె రోజుకు 3,000 దాటకూడదు. ఆయన 5,000 గదిలో నాలుగు రోజులున్నాడు. మంజూరైంది 66,000. కోత 50,000. కారణం గడిలో ‘పాలసీ నిబంధనల మేరకు’ అని ఒక్క ముక్కే ఉంది. సారాంశంలోనూ అదే రాస్తే ఉద్యోగికి ఒరిగేదేమీ లేదు.

కోతను విడగొట్టి చూస్తే గదికి 8,000 పోయింది. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటి వైద్యేతర ఖర్చుల కింద 6,000 పోయింది. ఈ రెండింటి మీద వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. మిగిలిన 36,000 దామాషా కోత. గది పరిమితి దాటితే, ఆ గదిని బట్టి పెరిగే చార్జీలను కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. ఇక్కడ ఐదు రూపాయలకు మూడే లెక్క. అలా సర్జన్, థియేటర్, నర్సింగ్ చార్జీలు 50,000లో 20,000 పోయింది.

మరి తక్కిన 16,000 ఎక్కడిది? మందులు 25,000, పరీక్షలు 15,000. వాటి మీదా అదే కత్తెర వేశారు. దామాషా కోత మందులకు, వైద్య పరీక్షలకు, ఇంప్లాంట్లకు వర్తించకూడదని ఐఆర్‌డీఏఐ 2020 మార్గదర్శకాలు చెప్పాయి. ఈ మాట తన పాలసీ పత్రంలోనూ ఉంటే, ఉద్యోగి అడగాల్సింది 50,000 కాదు, ఈ 16,000.

కాబట్టి సారాంశం ఇలా ఉంటే మేలు: ‘మంజూరు 66,000. గది 8,000, వైద్యేతర ఖర్చులు 6,000, దామాషా కోత 36,000. ఇందులో మందులు, పరీక్షల మీద పడ్డ 16,000కు పాలసీలోని ఏ క్లాజు ఆధారమో లెటరులో లేదు. అడగవచ్చు.’ ఆఖరి వాక్యం రాయడానికి హెచ్‌ఆర్ వాళ్లు లెటరుతో పాటు హాస్పిటల్ బిల్లు, పాలసీ పత్రం పక్కన పెట్టుకోక తప్పదు.

గడువు విషయంలో చాలామంది పొరబడతారు. నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడం కుదరదు. ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి అందుకు ఏడాది గడువు. అందుకే సారాంశంలో ఫిర్యాదు పంపాల్సిన ఈమెయిల్, లెటరు తేదీ రెండూ ఉండాలి. తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. గ్రూప్ పాలసీలనూ అక్కడ విచారిస్తారు. ఫీజు ఉండదు, లాయరును పెట్టుకోనక్కర్లేదు.