పైనొకటి.. కిందొకటి.. తప్పు తేటతెల్లం!
రెండు వీడియోలను ఒకే తెరపై పోల్చి చూసే విధానమిదీ

మండల స్థాయి క్రీడాపోటీల్లో లాంగ్‌జంప్ చేసిన ఓ విద్యార్థిని మూడు ప్రయత్నాల్లోనూ గీత దాటింది. దూరం నమోదు కాలేదు. పరుగు మొదలుపెట్టే గుర్తును ఓ అడుగు వెనక్కి జరిపితే సరిపోతుందని వ్యాయామ ఉపాధ్యాయుడు భావించారు. అంతకుముందు సాధనలో ఆమె సక్రమంగా దూకిన దృశ్యం, గీత దాటిన దృశ్యం రెండూ సెల్‌ఫోన్‌లో ఉన్నాయి. వాటిని ఒకే తెరపై చూశాక ఆయన ఆలోచన మారింది. ఆ రెండు దృశ్యాలను జతచేసిన తీరు క్రీడా శిక్షకులకు ఉపయోగపడుతుంది.

పక్కపక్కన వద్దు
తెరను సగానికి చీల్చడమనగానే ఎడమ, కుడి భాగాలే గుర్తుకొస్తాయి. 1920×1080 తెరలో ఒక్కో భాగానికి 960 వెడల్పే దక్కుతుంది. దృశ్యాన్ని కుదిస్తే మనిషి చిన్నదవుతుంది. అంచులు కత్తిరిస్తే పరుగు కనిపించదు. అడ్డంగా సాగే పరుగుకు పైన ఒకటి, కింద ఒకటి పేర్చడమే మేలు. అప్పుడు రెండు దృశ్యాల్లోని పలకలు ఒకే నిలువు గీతపైకి వస్తాయి. ఏ అడుగు ఎక్కడ పడిందో ఇట్టే పోల్చవచ్చు.

ఇందుకు ఉచితంగా లభించే డావిన్సీ రిజాల్వ్ చాలు. ముందుగా టైమ్‌లైన్‌ను 1920×1080కు, ఫ్రేముల వేగాన్ని చిత్రీకరించిన వేగానికి సమానంగా అమర్చుకోవాలి. ఇక్కడ అది సెకనుకు 60. రెండు క్లిప్పులను ఒకదానిపై ఒకటిగా రెండు ట్రాకుల్లో ఉంచాలి. Inspector లో Cropping కింద రెండింటికీ పైన 270, కింద 270 చొప్పున కత్తిరించాలి. తర్వాత Position Y విలువ ఒకదానికి 270, రెండోదానికి -270 ఇవ్వాలి. Zoom 1 గానే ఉంచాలి. దీంతో మనిషి పరిమాణం తగ్గదు. అయితే మనిషి మొత్తం తెర మధ్య సగంలోనే ఉండేలా ముందే చిత్రీకరించాలి.

కలపాల్సింది ఎక్కడ?
తొలుత రెండు క్లిప్పులనూ మొదటి నుంచే కలిపి నడిపారు. గీత దాటిన పరుగు నెమ్మదిగా ఉన్నట్లు కనిపించింది. వాస్తవానికి ఆ రోజు ఫోన్‌లో బటన్ ముందే నొక్కారు. తేడా అంతే. కాబట్టి క్లిప్పు ఆరంభాన్ని కాకుండా, దూకే పాదం పలకను తాకిన మొదటి ఫ్రేమును రెండింటిలో వెతకాలి. మంచి దూకుడులో అది 6 సెకన్ల 24వ ఫ్రేము వద్ద, రెండోదానిలో 8 సెకన్ల 40వ ఫ్రేము వద్ద వచ్చింది. రెండో క్లిప్పు ఆరంభం నుంచి 2 సెకన్ల 16 ఫ్రేములు తొలగించగానే రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకాయి.

అక్కడి నుంచి బాణం మీటతో ఒక్కో ఫ్రేము వెనక్కి జరిపారు. చివరి అడుగుకు ముందు పాదం రెండు దృశ్యాల్లోనూ ఒకే చోట పడింది. అంటే పరుగు గుర్తులో దోషం లేదు. మంచి దూకుడులో ఆ పాదానికీ, పలకపై పాదానికీ మధ్య 12 ఫ్రేములు పట్టగా, గీత దాటినప్పుడు 16 పట్టాయి. చివరి అడుగును ఆమె ఎక్కువగా చాచుతోందని తేలింది. గుర్తును వెనక్కి జరిపి ఉంటే అసలు దోషం అలాగే ఉండిపోయేది. చివరి అడుగును కురచగా వేయించడమే దీనికి మందు.

మూలన శిక్షకుడు
దృశ్యం చూస్తూ శిక్షకుడు చెప్పే మాటలనూ చిన్న చిత్రంగా చేర్చవచ్చు. ఆయన క్లిప్పును మూడో ట్రాకులో ఉంచి Zoom 0.2 చేస్తే అది 384×216 అవుతుంది. Position X -748, Y 412 ఇస్తే ఎడమ పైమూలన, అంచుకు 20 దూరంలో కూర్చుంటుంది. దూకేటప్పుడు శరీరం పైకి లేచేది కుడివైపు గనుక ఆ మూలను ఖాళీగా వదలాలి. ఆయన ఒకసారి చప్పట్లు కొట్టి దృశ్యాన్ని నడపడం మొదలుపెడితే, ఆ శబ్దాన్ని బట్టి కలపడం సులువు. మిగిలిన రెండు క్లిప్పుల శబ్దం ఆపేయాలి.

ఇవి గుర్తుంచుకోవాలి
రెండు సార్లూ ఫోన్ స్టాండుపై, పలకకు ఎదురుగా, ఒకే దూరంలో, ఒకే ఎత్తులో ఉండాలి. పరుగు వెంట ఫోన్ తిప్పితే పోలిక చెల్లదు. పలక వెడల్పు 20 సెంటీమీటర్లు. రెండు దృశ్యాల్లో అది ఒకే కొలతలో కనిపించకపోతే దూరం మారినట్లే. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరుగెత్తేవారు ఒక్క ఫ్రేములో సుమారు 12 సెంటీమీటర్లు కదులుతారు. అందువల్ల ఒక ఫ్రేము తేడాను లెక్కలోకి తీసుకోరాదు. ఇది సాధనకే తప్ప, న్యాయనిర్ణేత తీర్పును ప్రశ్నించడానికి ఆధారం కాదు.