ఒక దెబ్బ చాలిన జన్యువు, రెండు దెబ్బలు తినే జన్యువు

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి. అది రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వచ్చే ఈ జబ్బు కొందరికి ఒక కంట్లోనే వస్తుంది, కొందరికి రెండు కళ్లలోనూ వస్తుంది. రెండు కళ్లలో వచ్చేవాళ్లకు ఇంకా చిన్న వయసులోనే బయటపడుతుంది.

అమెరికా డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో 48 మంది పిల్లల వివరాలు పరిశీలించి, దీనికి కారణం లెక్కగట్టి చెప్పారు. తర్వాత ఆర్‌బి1 అని పేరుపడ్డ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి కణంలో రెండు ప్రతులుంటాయి. అది తయారుచేసే ఆర్‌బి ప్రొటీన్, కణ విభజనను మొదలుపెట్టే ఇ2ఎఫ్ అనే ప్రొటీన్‌ను పట్టి ఉంచుతుంది. విభజన అవసరమైనప్పుడే వదులుతుంది. ఒక ప్రతి చెడినా రెండోది ఆ పని చేస్తూనే ఉంటుంది. రెండూ పోతే ఇ2ఎఫ్‌ను పట్టి ఉంచేదేదీ ఉండదు, కణం చీలుతూనే పోతుంది. ఇలాంటి వాటిని కణితి నిరోధక జన్యువులంటారు.

ఒక ప్రతి చెడిపోయే పుట్టిన బిడ్డకు రెటీనాలోని ప్రతి కణమూ సగం దారిలో ఉన్నట్టే. లక్షల కణాల్లో ఏ ఒక్కదానికి రెండో దెబ్బ తగిలినా కణితి మొదలవుతుంది. అందుకే తొందరగా వస్తుంది, రెండు కళ్లలోనూ వస్తుంది. మిగతా పిల్లల్లో ఒకే కణానికి రెండు దెబ్బలూ తగలాలి. అది అరుదు.

ఆంకోజీన్ల తీరు వేరు. రాస్ ప్రొటీన్ బయటి నుంచి పెరుగుదల సంకేతం రాగానే జీటీపీ అనే అణువును పట్టుకుని లోపలికి కబురు పంపుతుంది. తర్వాత ఆ జీటీపీని తెంచి తానే శాంతిస్తుంది. 1982లో ఒక మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో శాస్త్రవేత్తలు చూసిన తేడా డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం. దానివల్ల రాస్‌లో 12వ స్థానంలోని గ్లైసిన్ పోయి వాలిన్ వచ్చింది. ఆ వాలిన్ అడ్డుపడటంతో జీటీపీ తెగదు, కబురు ఆగదు. పక్కన మంచి ప్రతి ఉన్నా ఈ గోలను ఆపలేదు. అందుకే ఇక్కడ ఒక్క దెబ్బే చాలు. అయితే అదొక్కటే సాధారణంగా క్యాన్సర్ తేలేదు, ఇతర మార్పులూ తోడవ్వాలి.

మందుల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. అతిగా పనిచేసే ప్రొటీన్‌ను మందుతో అడ్డుకోవచ్చు. రాస్‌లోని ఒక రకం మార్పుపై పనిచేసే సోటొరాసిబ్‌కు 2021లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. అసలు లేకుండా పోయిన ఆర్‌బిని మందుతో తిరిగి పుట్టించడం ఇంకా చేతకాలేదు. అందుకే రెటినోబ్లాస్టోమాలో జన్యు పరీక్ష కీలకం. ఒక కంట్లోనే వచ్చిన పిల్లల్లోనూ కొందరికి పుట్టుకతోనే లోపం ఉంటుంది. అలాంటి బిడ్డ తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి. కన్ను నయమయ్యాక కూడా ఆ బిడ్డకు ఎముక క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి, పెద్దయ్యాక కూడా డాక్టర్ల పర్యవేక్షణ కొనసాగాలి.