పొలం అమ్మొద్దు నాన్నా

క్రికెట్ పందాల్లో పది లక్షలు పోగొట్టుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పాల్సి వస్తే నాలుగు లక్షలే అంటాడు. పెద్దవాళ్లు తట్టుకోలేరని భయం. వాళ్లు ఎలాగో నాలుగూ కడతారు. చెప్పని ఆరు లక్షలకు మళ్లీ పందెమే దిక్కవుతుంది. పోయినదాన్ని ఆడి రాబట్టాలనుకోవడం, ఎంత పోయిందో దాచడం, అప్పు తీర్చమని అయినవాళ్లను ఆశ్రయించడం, ఈ మూడింటినీ మానసిక వైద్యులు జూద వ్యసనం లక్షణాలుగానే చూస్తారు.

కాబట్టి ఉత్తరంలో మొదట ఉండాల్సింది పూర్తి లెక్క. తెనాలి దగ్గర పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు హైదరాబాద్ నుంచి ఒక కొడుకు రాస్తున్నాడనుకుందాం:

"నాన్నా, అమ్మా, బ్యాంకు పర్సనల్ లోన్ ఆరు లక్షలు. క్రెడిట్ కార్డు లక్షా ఎనభై వేలు. లోన్ యాప్‌లలో డెబ్బై వేలు. స్నేహితుల దగ్గర లక్షన్నర. మొత్తం పది లక్షలు. ఇంతకు మించి లేదు. నా క్రెడిట్ రిపోర్టు కూడా పంపిస్తున్నాను, చూడండి.

పొలం అమ్మొద్దు నాన్నా. నా చేతికి డబ్బివ్వొద్దు. జీతం ఎనభై అయిదు వేలూ పడిన రోజే మీ ఖాతాకు పంపేస్తాను. అద్దెకు, తిండికి ఇరవై వేలు నాకు పంపండి. లోన్ కిస్తీ పద్నాలుగు వేలు. మిగతాది ముందు యాప్‌లకు, తర్వాత కార్డుకు మీరే కట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మ నాతో రావాలి."

'పొలం అమ్మొద్దు' అన్న మాట రాయడం కష్టం, కానీ ఈ ఉత్తరానికి ప్రాణం అదే. పొలం అమ్మి అప్పంతా ఒక్కరోజులో కట్టేస్తే కార్డు లిమిట్ మళ్లీ ఖాళీ అవుతుంది, యాప్‌లు కొత్త అప్పు ఇస్తామంటాయి, వ్యసనం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నెలకు మూడున్నర శాతం వడ్డీ పడే కార్డయితే లక్షా ఎనభై వేలకు వడ్డీయే 6,300. అందుకే యాప్‌లు, కార్డు ముందు. నెలకు నలభై అయిదు వేల చొప్పున కడితే ఎనిమిది నెలల్లోపు ఆ రెండూ తీరతాయి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించింది. అయినా విదేశాల నుంచి నడిచే సైట్లు దొరుకుతూనే ఉంటాయి గనుక చట్టాన్ని నమ్ముకుని ఊరుకోలేం. సాయానికి టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని కొడుకు ఒక్క మాట అన్నా లెక్కలు పక్కన పెట్టి, ఒంటరిగా వదలకుండా ముందు ఆ ఫోన్ చేయాలి.

క్రెడిట్ రిపోర్టును క్రెడిట్ బ్యూరోలు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తాయి. అందులో బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల అప్పులు కనిపిస్తాయి. చేబదుళ్లు, అనుమతిలేని యాప్‌ల అప్పులు కనిపించవు. ఆ స్నేహితులెవరో పేర్లు, ఎవరికెంత ఇవ్వాలో కొడుకు చేతే రాయించుకుని, వాళ్లతో తండ్రే ఒకసారి మాట్లాడి, ఇకపై అప్పివ్వొద్దని చెప్పాలి.